తలుపుకు ఎన్ని బట్టలు?

అపార్టుమెంట్లలో ఇంటింటికీ వెళ్లి బట్టలు తీసుకుని, ఇస్త్రీ చేసి, తిరిగి ఇచ్చే పని గురించి ఇవాళ కాసేపు మాట్లాడతాను. చూడటానికి చిన్న పని. కానీ ఆ పనిలో డబ్బు ఎక్కడ మిగులుతుందో, ఎక్కడ జారిపోతుందో పైకి కనబడదు. నేను బ్యాంకులో చేసి రిటైరయినవాణ్ని. లెక్కలు చూడటం అలవాటైన ప్రాణం కాబట్టి, హైదరాబాదులో నిజాంపేట వైపు ఒక అపార్టుమెంటులో ఇస్త్రీ చేసుకుంటున్న భార్యాభర్తల లెక్క ఒకటి నా దగ్గరకు వచ్చింది. ఆయన వచ్చి అన్న మాట ఇది: "సార్, బట్టలు మస్తు వస్తున్నయి. పొద్దుగాల నుంచి రాత్రి దాకా ఇద్దరం నిలబడే ఉంటున్నం. పైసలు మాత్రం కనబడతలేవు."

బట్టలు రావడం లేదంటే అర్థం చేసుకోవచ్చు. బట్టలొచ్చి, చేతి నిండా పని ఉండి, పైసలు కనబడకపోవడం ఏమిటి? నేనూ మొదట రేటు తక్కువేమో అనుకున్నాను. అడిగితే బట్టకు పది రూపాయలన్నారు. ఈ రేటు పేటను బట్టి మారుతుంది, కొన్నిచోట్ల ఎనిమిది, కొన్నిచోట్ల పన్నెండు, పదిహేను కూడా ఉంది. చుట్టుపక్కల వాళ్లు తీసుకుంటున్నదీ పదే. కాబట్టి తేడా రేటులో లేదు.

ఆ అపార్టుమెంటు స్వరూపం చెబుతాను. ఐదు బ్లాకులు. ఒక్కో బ్లాకుకు పది అంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. మొత్తం రెండు వందల ఇళ్లు. అందులో ఎనభై ఇళ్లు వీళ్లకు బట్టలు వేస్తాయి. అన్ని బ్లాకుల్లోనూ సమానంగా ఉన్నారనుకుంటే బ్లాకుకు పదహారు ఇళ్లు. పిల్లల యూనిఫారాలు, ఆఫీసు చొక్కాలు, ప్యాంట్లు, అప్పుడప్పుడూ చీరలు అన్నీ కలిపి ఇంటికి వారానికి పదిహేను బట్టలు సగటు. అంటే వారానికి పన్నెండు వందల బట్టలు, పన్నెండు వేల రూపాయలు. చేయి తిరిగిన మనిషికి చొక్కా, ప్యాంటు లాంటివి మడతతో సహా మూడు నిమిషాలు పడుతుంది. పన్నెండు వందల బట్టలకు వారానికి అరవై గంటలు. ఇద్దరు మనుషులు, ఆరు రోజులు. మనిషికి రోజుకు ఐదు గంటలే. మరి పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడుతున్నది దేనికి?

దానికి జవాబు సెల్లార్‌లోని వాళ్ల ఇస్త్రీ గదిలో ఓ సాయంత్రం కూర్చుంటే దొరుకుతుంది. బల్ల మీద చొక్కా పరిచి ఉంటుంది. ఫోను మోగుతుంది. "అన్నా, మూడు చొక్కాలున్నాయి, వచ్చి పట్టుకెళ్లు." ఆవిడ చేతిలో పని ఆపి, సి బ్లాకు దాకా నడిచి, లిఫ్టు కోసం నిలబడి, ఎనిమిదో అంతస్తుకు వెళ్లి, బెల్లు కొట్టి, లోపల వాళ్లు బట్టలు ఏరి ఇచ్చేదాకా ఆగి, లెక్కపెట్టి, కిందికొస్తుంది. వచ్చేసరికి అదే బ్లాకు ఐదో అంతస్తు నుంచి ఇంకో ఫోను. ఈ ఒక్కో తిరుగుడుకు తక్కువలో తక్కువ ఐదు నిమిషాలు. ఇంటికి వారానికి మూడు పిలుపులు, బట్టలు అయిదేసి. తీసుకోవడానికి మూడు సార్లు, తిరిగి ఇవ్వడానికి మూడు సార్లు. ఎనభై ఇళ్లకు వారానికి నాలుగు వందల ఎనభై సార్లు తలుపు తట్టాలి. సారికి ఐదు నిమిషాల చొప్పున నలభై గంటలు.

ఇప్పుడు కూడండి. ఇస్త్రీకి అరవై, తిరగడానికి నలభై. వంద గంటల కష్టానికి పన్నెండు వేలు. గంటకు నూట ఇరవై. అందులోంచే గది అద్దె, కరెంటు, పాత పెట్టె పాడైతే కొత్తది. వాళ్లు బట్టకు పది రూపాయలు తీసుకుంటున్నారు గాని, నడిచినదానికి ఏమీ తీసుకోవడం లేదు. ఇచ్చేవాళ్లకూ ఆ సంగతి తెలియదు. వాళ్ల కంటికి కనబడేది మడత మాత్రమే.

ఇంకా విడమరిచి చూద్దాం. ఒకింట్లోంచి రెండు బట్టలు వచ్చాయనుకోండి. ఇస్త్రీకి ఆరు నిమిషాలు, తీసుకోవడానికి, ఇవ్వడానికి కలిపి పది. పదహారు నిమిషాలకు ఇరవై రూపాయలు. గంటకు డెబ్బై అయిదు పడింది. అదే ఇంట్లోంచి పది బట్టలు ఒకేసారి వస్తే ఇస్త్రీకి ముప్పై నిమిషాలు, తిరగడానికి అదే పది నిమిషాలు. నలభై నిమిషాలకు వంద రూపాయలు. గంటకు నూట యాభై. బట్ట రేటు మారలేదు, చేతి వేగం మారలేదు. సంపాదన రెట్టింపయింది. అందుకే ఈ పని చేసేవాళ్లు రోజూ రాసుకోవాల్సిన అంకె మొత్తం బట్టలు ఎన్నన్నది కాదు, తలుపుకు ఎన్ని బట్టలన్నది. ఓ నోటుబుక్కులో రెండు గళ్లు చాలు. ఇవాళ ఎన్ని తలుపులు తట్టాం, ఎన్ని బట్టలు వచ్చాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగించాలి. తీసుకున్నప్పుడూ ఇచ్చినప్పుడూ కూడా తలుపు లెక్కలోకి వస్తుందని మరిచిపోకూడదు. వీళ్లకు ఆ అంకె రెండున్నర వచ్చింది.

ఆయన ముందుగా అడిగింది రేటు పన్నెండు చేద్దామా అని. వద్దన్నాను. రెండు రూపాయలు పెంచినా రెండు చొక్కాల పిలుపు రెండు చొక్కాల పిలుపే. పైగా పెంచిన కబురు లిఫ్టులో పాకుతుంది, సంఘం వాళ్లు పిలుస్తారు. ముందు తిరుగుడు తగ్గాలి.

తగ్గించిన పద్ధతి ఇది. ప్రతి ఇంటికీ రెండు గుడ్డ సంచులు. వాటి మీద ఫ్లాటు నంబరు పెద్ద అక్షరాలతో. ఒక సంచి ఇంట్లో ఉంటే రెండోది ఇస్త్రీ గదిలో ఉంటుంది. బ్లాకుకు వారంలో రెండు రోజులు ఖాయం. ఎ, బి బ్లాకులు సోమ, గురువారాలు. సి, డి బ్లాకులు మంగళ, శుక్రవారాలు. ఇ బ్లాకు బుధ, శనివారాలు. ఆ రోజు ఇస్త్రీ అయిన సంచి ఇచ్చి, నలిగిన బట్టల సంచి తీసుకోవడమే. ఇవ్వడం, పుచ్చుకోవడం ఒకే తలుపు దగ్గర ఒకేసారి అయిపోతాయి. ఇంటికి వారానికి ఆరు సార్లు వెళ్లేది రెండు సార్లయింది. నాలుగు వందల ఎనభై తలుపులు నూట అరవై అయ్యాయి.

దీంతో ఓ ఇబ్బంది ఉంది, దాచకూడదు. సోమవారం ఇచ్చిన బట్ట గురువారం గాని రాదు. పెద్దల చొక్కాలకు ఫరవాలేదు. రెండు జతల యూనిఫారం మాత్రమే ఉన్న పిల్లవాడికి మూడు రోజులు బట్ట బయట ఉంటే కుదరదు. అలాంటి ఇళ్లు ఏవో ముందే అడిగి తెలుసుకుని, వాళ్ల సంచులకు ఎర్రగుడ్డ ముడి వేసి, మర్నాడే ఇచ్చే ఏర్పాటు పెట్టారు. ఎనభైలో అలాంటివి తక్కువే. కొన్ని ఇళ్లవాళ్లు మూడో జత కొనుక్కున్నారు.

రోజులు పంచడంలో ఇంకో కిటుకు ఉంది. లెక్క ప్రకారం సోమవారం రెండు వందల నలభై బట్టలు, మంగళవారం అన్నే, బుధవారం సగం. బుధవారం తేలిగ్గా ఉండటం పొరపాటు కాదు, కావాలని వదిలిన సందు. శని, ఆదివారాల్లో ఇళ్లల్లో వాషింగ్ మెషీన్లు తెరపి లేకుండా తిరుగుతాయి కాబట్టి సోమవారం సంచులు ఎప్పుడూ లెక్కకు మించి బరువుంటాయి. వానాకాలం బట్టలు పూర్తిగా ఆరకుండానే వస్తాయి, తడి లాగడానికి పెట్టె రెండు మూడు సార్లు ఎక్కువ తిప్పాలి. శ్రావణమాసంలో పట్టుచీరలు, జూన్‌లో బడులు తెరిచే వారం కొత్త యూనిఫారాలు. ఈ మిగులు పనంతా బుధవారం, శనివారం మింగుతాయి. ఆరు రోజులూ అంచుదాకా నింపుకున్నవాళ్లకు ఒక్కరోజు కరెంటు పోతే వారమంతా ఆలస్యమే.

ఇప్పుడు దారి సంగతి. పది అంతస్తులు, పదహారు ఇళ్లు, ఇవ్వాల్సిన సంచులు పదహారు. సంచి రెండు కిలోలకు పైమాటే, అంటే అన్నీ కలిపి ఓ ముప్పై అయిదు కిలోలు. తీసుకునేవీ అంతే ఉంటాయి. చాలామంది చెప్పే సలహా ఏమిటంటే, లిఫ్టులో పైకి వెళ్లి మెట్ల మీదుగా దిగుతూ రమ్మని. ఖాళీ చేతులతో అయితే బాగానే ఉంటుంది. ముప్పై అయిదు కిలోలతో పది అంతస్తులు దిగి చూస్తే తెలుస్తుంది మోకాళ్ల సంగతి. అలాగని ప్రతి అంతస్తులో లిఫ్టు ఎక్కి దిగితే పది సార్లు ఎదురుచూపు. లిఫ్టు తలుపుకు చక్రాల బండి అడ్డం పెట్టి ఇచ్చిరావడం ఇంకో పద్ధతి. అది చేసిన రోజే సంఘం వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది.

వీళ్లు చేసేది మెట్లకూ లిఫ్టుకూ మధ్య దారి. నాలుగు చక్రాల బండిలో సంచులు పేర్చుకుని తిన్నగా తొమ్మిదో అంతస్తులో దిగుతారు. లిఫ్టును వదిలేస్తారు. బండి అక్కడ గోడవార పెట్టి, పదో అంతస్తు సంచులు చేతబట్టుకుని ఒక అంతస్తు మెట్లెక్కి, మార్చుకుని వస్తారు. తొమ్మిదిలో ఇస్తారు. ఎనిమిదికి ఒక అంతస్తు దిగి, ఇచ్చి, పైకి వస్తారు. మళ్లీ లిఫ్టు పిలిచి ఆరో అంతస్తు. అక్కడినుంచి ఏడు, ఆరు, అయిదు. తర్వాత మూడో అంతస్తు. అక్కడినుంచి నాలుగు, మూడు, రెండు. చివరికి కిందికొచ్చి, ఒకటో అంతస్తుకు మెట్లే. పది సార్లు లిఫ్టు కోసం నిలబడేది మూడు నాలుగు సార్లతో సరిపోతుంది, మెట్ల మీద చేతిలో రెండు మూడు సంచులకు మించి ఉండవు. బ్లాకు మొత్తం అరగంట చిల్లరలో అయిపోతుంది. తలుపుకు రెండు నిమిషాలు.

బండిలో సంచులు పేర్చే వరుస కూడా ముఖ్యమే. ముందు ఇవ్వాల్సినవి పైన ఉండాలి, అంటే పై అంతస్తులవి పైన, కింది అంతస్తులవి అడుగున. తీసుకున్న సంచులను అదే గుట్టలో కలిపితే నాలుగో అంతస్తుకు వచ్చేసరికి ఏది ఉతికింది, ఏది ఇస్త్రీ అయింది అన్న వెతుకులాట మొదలవుతుంది. అందుకని బండికి కొక్కేలు బిగించి, తీసుకున్నవి వాటికి వేలాడదీస్తారు.

వేళ విషయంలో ఆవిడ చెప్పిందే ఖాయమయింది. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా బడి పిల్లలు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు. ఆ రెండు గంటలు లిఫ్టు మనది కాదు. సాయంత్రం ఆరున్నర తర్వాతా అంతే. పదింటి నుంచి పన్నెండు లోపు బ్లాకు చుట్టి రావాలి. ఆ వేళకు ఇంట్లో ఎవరూ లేని ఫ్లాట్లుంటాయి. వాళ్లు వెళ్తూ వెళ్తూ సంచి తలుపు గడియకు తగిలించి పోతారు, ఇస్త్రీ సంచి కూడా అక్కడే తగిలిస్తారు. ఖరీదైన చీరలు మాత్రం అలా పెట్టొద్దని ముందే చెప్పారు.

తలుపు దగ్గర రెండు నిమిషాలే ఆగితే బట్టలు లెక్కపెట్టేదెప్పుడు అని అడుగుతారు. తలుపు దగ్గర లెక్కపెట్టరు. ఇంటివాళ్లు చిన్న చీటీ మీద ఎన్ని చొక్కాలు, ఎన్ని ప్యాంట్లు అని రాసి సంచిలో వేస్తారు. గదికి రాగానే పెట్టె వేడెక్కేలోపే సంచి విప్పి, చీటీతో పోల్చి, తేడా ఉంటే బట్టలు బల్ల మీద పరిచి ఫొటో తీసి పంపుతారు. ఇస్త్రీ మొదలుపెట్టకముందే పంపడంలోనే ఉంది కిటుకు. ఇస్త్రీ అయి ఇచ్చాక వచ్చే తగాదాలో ఎవరి మాటకూ సాక్ష్యం ఉండదు. పాత రోజుల్లో చాకలిపద్దు అని గోడ మీదో పుస్తకంలోనో రాసుకున్నదీ ఇందుకే. బట్ట మారిపోకుండా నల్లజీడి గింజ రసంతో ఇంటింటికీ ఓ గుర్తు పెట్టేవాళ్లు. ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోదు.

ఆ గుర్తు అవసరం ఇప్పటికీ తీరలేదు. అపార్టుమెంటులో బట్టలు మారిపోయేది ఎక్కడో తెలుసా? చీరల్లో కాదు, తెల్ల యూనిఫారం చొక్కాల్లో. ఒకే బడికి వెళ్లే పిల్లలు ఒకే బ్లాకులో పది మంది ఉంటారు. అదే దుకాణం, అదే గుడ్డ, అదే కొలత. ఒకసారి కలిసిపోతే కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. దానికి వీళ్లు పెట్టుకున్న కట్టుబాటు రెండు మాటలు. బల్ల మీద ఒకసారికి ఒక్కటే సంచి విప్పాలి, అది మూసేదాకా ఇంకోటి తాకకూడదు. యూనిఫారం కాలరు లోపలి పట్టీ మీద చెరిగిపోని పెన్నుతో ఫ్లాటు నంబరు ఇంటివాళ్లే రాయాలి. నంబరు లేకుండా వచ్చిన యూనిఫారం సంచిలోనే తిరిగి పంపుతారు. మొదట్లో కొందరు విసుక్కున్నారు. రెండు వారాల తర్వాత రాయని ఇల్లు లేదు.

ఇంత చేశాక గంటల లెక్క చూడండి. ఇస్త్రీకి అదే అరవై గంటలు. తిరగడానికి నూట అరవై తలుపులు, తలుపుకు రెండు నిమిషాలు, ఐదు గంటల ఇరవై నిమిషాలు. ఎర్రముడి సంచులు, చిల్లర మల్లర కలిపి ఆరు అనుకోండి. అరవై ఆరు గంటలకు అదే పన్నెండు వేలు. గంటకు నూట ఎనభై. బట్ట రేటు పది రూపాయలే.

రేట్ల పట్టికకు వద్దాం, ఎందుకంటే అక్కడా ఓ చిల్లు ఉంది. "ఏదైనా పది" అని బోర్డు పెడితే ఏమవుతుందో ఊహించండి. సులువుగా అయ్యే టీ షర్టులు ఇంట్లోనే రుద్దుకుని, దుప్పట్లు, గంజి పెట్టిన నూలు చీరలు, కుచ్చుల లంగాలు సంచిలో వేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు, ఎవరైనా అదే చేస్తారు. గంజి చీరకు పన్నెండు నిమిషాలు పడుతుంది. పది రూపాయలకు పన్నెండు నిమిషాలంటే గంటకు యాభై. అందుకని రేటుకు బట్ట పేరు కాదు, నిమిషం ఆధారం కావాలి. మూడు నిమిషాలకు పది రూపాయలు. చొక్కా, ప్యాంటు పది. ఆరు నిమిషాలు పట్టే డబుల్ దుప్పటి ఇరవై. గంజి చీర నలభై. పట్టుచీరకు నిమిషాలు అంతే పట్టినా, కాలితే వచ్చే నష్టం తలుచుకుని ఇంకో పది ఎక్కువ. ఈ పట్టిక గీసేముందు ఆయనను ఫోనులో గడియారం పెట్టుకుని ఒక్కో రకం కొలవమన్నాను. ఆయనకే ఆశ్చర్యం, పిల్లల ఫ్రాకు చిన్నదే అయినా చొక్కాకంటే ఎక్కువసేపు తింటోంది.

చుడీదారు దగ్గర పెద్ద చర్చే నడిచింది. పైది, కిందిది, చున్నీ. ఇవి మూడా, ఒకటా? ఇచ్చేవాళ్లు ఒక జత అంటారు, చేసేవాళ్లకు మూడు సార్లు పరచాలి. చివరికి మూడూ కలిపి ఇరవై అయిదుకు కుదిరింది. చున్నీ ఒక్కటే వస్తే అయిదు. ఏ రేటైనా ఫరవాలేదు గాని, కాగితం మీద ముందే ఉండాలి. తలుపు దగ్గర నిలబడి తేల్చుకునే బేరానికి పట్టే నిమిషాల్లో రెండు చొక్కాలు అయిపోతాయి.

ఇక అర్జెంటు. "సాయంత్రం పెళ్లికి వెళ్లాలి" అన్నవాళ్లను కాదనలేం. అలాంటి పిలుపుకు బట్టకు పదిహేను, దాంతోపాటు వచ్చిపోయినందుకు ఇరవై. గదికి వాళ్లే తెచ్చి వాళ్లే తీసుకుపోతే ఆ ఇరవై లేదు. ఈ ఒక్క షరతుతో అర్జెంటు పిలుపులు సగానికి సగం తగ్గాయి. మిగిలినవాళ్లలో చాలామంది లిఫ్టు దిగి వాళ్లే వస్తున్నారు. "వస్తూ వస్తూ ఓ పాల ప్యాకెట్టు, ఆ మందుల చీటీ" లాంటి పనులు కూడా వాళ్ల బ్లాకు రోజునే, దారిలో ఉన్న దుకాణమైతేనే. దానికి పదో ఇరవయ్యో విడిగా తీసుకుంటారు.

నెలవారీ పాసులు పెడితే బాగుంటుంది కదా అని సంఘం కార్యదర్శి అడిగారు. నెలకు ఇంత ఇస్తే ఎన్నైనా అన్న పాసు ఈ పనిలో పనికిరాదు. దాన్ని తీసుకునేది ఎక్కువ బట్టలు వేసే ఇళ్లే. అరవై బట్టలకు అయిదు వందల డెబ్బై అని లెక్కకట్టి ముందే డబ్బు తీసుకునే కార్డు నయం. ముప్పై రూపాయల తగ్గింపు పోయినా, నెలాఖరు ఖాతా ఉండదు. అద్దెకున్నవాళ్లు బాకీ తీర్చకుండా ఇల్లు మారే బాధ తప్పుతుంది.

గది గురించి రెండు మాటలు. సెల్లార్‌లో బొగ్గుల పెట్టె వద్దు. గాలాడని చోట బొగ్గు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల తిరిగేసరికి ఆలస్యమవుతుంది. గ్యాసు పెట్టె అయితే ఇంకో చిక్కు. వంటగ్యాసు గాలికంటే బరువు, కారితే సెల్లార్ నేల మీదే పరుచుకుని ఉండిపోతుంది. కాబట్టి కరెంటు పెట్టెలే. వెయ్యి వాట్ల పెట్టె నాలుగు ఆంపియర్లకు పైన లాగుతుంది. రెండు పెట్టెలు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి, దాన్ని ఆరు ఆంపియర్ల ప్లగ్గులో పెడితే వైరు వేడెక్కుతుంది. చేయి వేస్తే ప్లగ్గు వెచ్చగా తగిలిందంటే అదే గుర్తు. పదహారు ఆంపియర్ల సాకెట్లు రెండు వేరువేరుగా ఉండాలి. పెట్టె ఆగి ఆగి వెలుగుతుంది గనక రోజంతా కలిపి ఆరు యూనిట్ల చిల్లర కాలుతుంది, నెలకు నూట అరవై లోపు. సంఘం వాళ్లు ఉజ్జాయింపుగా ఇంత అని వసూలు చేస్తుంటే, సబ్‌మీటరు పెట్టమని అడగడం మంచిది. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి రజకుల లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ప్రకటించింది. సొంత మీటరున్న దుకాణానికి అది ఉపయోగం. సంఘం మీటరు నుంచి తీగ లాగిన గదికి ఆ దారి దొరకడం కష్టం.

బట్ట కాలడం గురించి కూడా అడుగుతారు. బట్ట లోపలి పట్టీ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో చుక్కలుంటాయి. ఒక చుక్క అంటే తక్కువ వేడి, రెండు చుక్కలు మధ్యస్థం, మూడు చుక్కలు ఎక్కువ వేడి. మూడు చుక్కల నూలు చొక్కా చేసిన వెంటనే అదే పెట్టె ఒక చుక్క నైలాను మీద పెడితే బట్ట అంటుకుపోతుంది. పెట్టె చల్లారడానికి వేడెక్కినదానికంటే ఎక్కువసేపు పడుతుంది కనుక సంచి విప్పగానే తక్కువ వేడివి పైన, నూలువి అడుగున వేసుకుని ఆ వరుసలో చేయాలి. పట్టీ లేని బట్ట అయితే లోపలి అంచు మీద ఓసారి తాకించి చూడటమే. కాలిన బట్టకు ఎంత ఇస్తారన్నది కూడా రేట్ల కాగితం మీదే రాసిపెట్టుకున్నారు, ఆ బట్ట ఇస్త్రీ రేటుకు ఇరవై రెట్లకు మించదని. పట్టుచీరకు అది చాలదని నాకు తెలుసు. అందుకే బాగా ఖరీదైన చీరలు వాళ్లు తీసుకోవడం మానేశారు.

మొన్నీమధ్య ఆయన మళ్లీ వచ్చారు. రోడ్డుకు అవతల, అరకిలోమీటరు దూరంలో ఇంకో అపార్టుమెంటు కట్టారట, అక్కడినుంచి మూడు ఇళ్లవాళ్లు పిలుస్తున్నారట. వెళ్లమంటారా అని అడిగారు. కూర్చుని లెక్క వేశాం. పోయిరావడం, గేటు దగ్గర రిజిస్టరులో రాయడం, వాచ్‌మన్ ఇంటికి ఫోను చేసి అడగడం, అన్నీ కలిపి ఒక విడతకు పాతిక నిమిషాలు. ఒక్క ఇల్లున్నా పాతికే, ఇరవై ఇళ్లున్నా పాతికే. మూడు ఇళ్లు, అయిదేసి బట్టలు, నూట యాభై రూపాయలు. ఇస్త్రీకి నలభై అయిదు నిమిషాలు, తలుపులకు ఆరు, దారికి పాతిక. మొత్తం డెబ్బై ఆరు నిమిషాలు. గంటకు నూట పద్దెనిమిది. ఎక్కడినుంచి బయటపడ్డారో అక్కడికే తిరిగి వెళ్లినట్టు, పెట్రోలు కలపకుండానే. అదే పన్నెండు ఇళ్లు, ఎనిమిదేసి బట్టలైతే గంటకు నూట డెబ్బై దాకా వస్తుంది.

ఆయన ఆ ముగ్గురికీ ఫోను చేసి చెప్పిన మాట నా ఎదురుగానే చెప్పారు: "మేడమ్, మీ దగ్గర పది ఇళ్లు కుదిరితే బుధవారం, శనివారం ఖాయంగా వస్త. పేర్లు మీరే రాసి పెట్టుండ్రి." బుధవారం, శనివారం ఎందుకంటే, ఆ రెండు రోజులే సందున్నది. వానాకాలం వస్తే ఆ సందు సరిపోతుందా అని ఆవిడ అప్పుడే అడుగుతోంది. ఎనభై ఇళ్లకు తోడు ఇంకో పది వస్తే బల్ల దగ్గర మూడో మనిషి కావాలేమో, ఆ మనిషికి బట్టకు ఎంత ఇవ్వాలన్నది ఇంకా తేలలేదు. నాలుగు రూపాయలని ఆయన, ఐదన్నా ఇవ్వందే పని నేర్చినవాళ్లు నిలవరని ఆవిడ.